పదేళ్ల వారంటీ ఫ్రిజ్‌కా, కంప్రెసర్‌కా?

పోయిన ఏడాది జూన్‌లో కాకినాడ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఫ్రిజ్‌లో కూలింగ్ పోయిందట. పాలు విరిగిపోయాయి, ఫ్రీజర్‌లో ఐసు నీళ్లయిపోయింది. "పదేళ్ల వారంటీ అని తలుపు మీదే స్టిక్కరు ఉంది కదరా, వీడేమో పదివేలు అవుతుందంటున్నాడు" అంది. సర్వీస్ సెంటర్ మనిషి వచ్చి చూసి, ఒక కాగితం రాసిచ్చి వెళ్లాడు. అందులో మొత్తం 10,148 రూపాయలు. పిన్ని గొంతులో కోపం కంటే మోసపోయామన్న బాధ ఎక్కువగా ఉంది.

శనివారం నేను వెళ్లేసరికి వంటింటి అలమారాలో పై అరన ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం, వారంటీ కార్డు, బిల్లు అన్నీ అందులోనే భద్రంగా పెట్టింది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వాటిని తెరిచి చదవలేదు. చదవకపోవడం ఆమె తప్పేమీ కాదు. చీమ తలకాయంత అక్షరాలు, పొడవాటి ఇంగ్లిష్ వాక్యాలు, ఒక్క కార్డులోనే ఆ కంపెనీ చేసే ఫ్రిజ్‌లన్నిటికీ కలిపి రాసిన షరతులు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని ఆ సంచిలో ఉన్నదాన్నంతా ఒక్క కాగితం మీదికి దించాం. అదెలా చేశామో చెబుతాను. మీ ఇంట్లో ఫ్రిజ్ బాగా పనిచేస్తున్నప్పుడే అలాంటి కాగితం ఒకటి రాసుకుంటే, పాలు విరిగిన రోజున కంగారు ఉండదు.

ముందు కార్డు జోలికి వెళ్లకుండా ఫ్రిజ్ తలుపు తీశాం. లోపలి గోడ మీద, కూరల డబ్బా పక్కనో దాని పైనో ఒక స్టిక్కరు ఉంటుంది. కొన్నిటికి వెనకవైపు ఉంటుంది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, తయారైన నెల, ఎన్ని వోల్టుల మీద నడుస్తుంది, లోపల ఏ గ్యాస్ ఉంది అన్నవన్నీ దాని మీదే ఉంటాయి. మోడల్ నంబరుతో మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. కార్డులో వారంటీ గురించి ఉండేది ఒక్క వాక్యం కాదు, ఒక పట్టిక. మామూలు కంప్రెసర్ ఉన్న సింగిల్ డోర్ ఫ్రిజ్‌కి ఒక వరస, ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నదానికి మరో వరస, డబుల్ డోర్‌కి ఇంకో వరస. పక్క వరస చదివేసి అదే మనదనుకున్నవాళ్లను నేను చూశాను. మన మోడల్ ఏ వరసలోదో తేల్చుకుని దాని కింద పెన్సిలుతో గీత గీస్తే, మిగతా పట్టికతో మనకు పని లేదు.

పిన్ని ఫ్రిజ్ వరసలో ఉన్నది 1+9. మొత్తం చిక్కంతా ఆ చిన్న ప్లస్ గుర్తులోనే ఉంది. కొన్నరోజు నుంచి ఒక ఏడాది ఫ్రిజ్ మొత్తానికి వారంటీ, ఆ తర్వాత తొమ్మిదేళ్లు కంప్రెసర్‌కి మాత్రమే. తలుపు మీది స్టిక్కరులో పది అంకె అరచేయంత ఉంటుంది. దాని కింద కంప్రెసర్ అన్న మాట గోరంత ఉంటుంది. కొట్టులో అమ్మేవాడు కూడా "పదేళ్లు వారంటీ అమ్మా" అని అక్కడితో ఆపేస్తాడు. అబద్ధం చెప్పినట్టు కాదు, మొత్తం చెప్పినట్టూ కాదు.

తర్వాత తేదీలు. కార్డులో పన్నెండు నెలలు, నూట ఇరవై నెలలు అని ఉంటుంది గాని ఏ తేదీ వరకు అన్నది ఎక్కడా ఉండదు. అది మనమే లెక్క కట్టుకోవాలి. లెక్క మొదలయ్యేది ఫ్రిజ్ ఇంటికొచ్చిన రోజు నుంచి కాదు, బిల్లు మీద తేదీ నుంచి. పిన్ని కొన్నది 2021 మే 18న. అంటే ఫ్రిజ్ మొత్తానికి వారంటీ 2022 మే 17తో అయిపోయింది. కంప్రెసర్‌కి 2031 మే 17 దాకా ఉంది. పాడైంది 2025 జూన్‌లో. ఈ మూడు తేదీలు పక్కపక్కన రాసి చూపించగానే పిన్నికి సగం సంగతి అర్థమైంది. "అంటే ఇప్పుడు మనకున్నది కంప్రెసర్ ఒక్కటే అన్నమాట" అంది.

అక్కడే ఇంకో ప్రశ్న వస్తుంది. కూలింగ్ పోతే అది కంప్రెసర్ పాడవడమేనా? కానక్కరలేదు. మనకు బయట కనబడే లక్షణం ఒక్కటే, ఫ్రిజ్ చల్లబడటం లేదు. లోపలి కారణాలు మాత్రం చాలా. అన్నిటికంటే ఎక్కువ గొడవలు వచ్చేది మూడిటి దగ్గర. ఒకటి, కంప్రెసర్‌కి కరెంటు అందించే భాగం పోవడం. మామూలు ఫ్రిజ్‌లో అది రిలే, ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో పీసీబీ అనే బోర్డు. రెండు, గొట్టాల్లో ఎక్కడో సన్నటి చిల్లు పడి గ్యాస్ పోవడం. మూడు, నిజంగా కంప్రెసరే పాడవడం. రెండో ఏడాది నుంచి 1+9 కార్డు కాపాడేది మూడోదాన్ని ఒక్కదాన్నే. బోర్డు పోతే బోర్డుకి డబ్బు కట్టాలి, గ్యాస్ పోతే గ్యాస్‌కి కట్టాలి. కొన్ని మోడళ్లకు బోర్డుకి విడిగా కొన్నేళ్ల గడువు ఇస్తారు. అలా ఇస్తే ఆ పట్టికలోనే వేరే గడిలో ఉంటుంది.

అందుకే సర్వీస్ మనిషి వచ్చినప్పుడు "ఎంతవుతుంది" అని అడిగే ముందు "ఏ భాగం పోయింది, ఎలా తేల్చారు" అని అడగాలి. జవాబును జాబ్ షీట్ మీద రాయించుకోవాలి. గ్యాస్ లీకు అని రాస్తే ఎక్కడ లీకో రాయమనాలి. మనమూ కొంత గమనించవచ్చు. ఫ్రిజ్ వెనక కింద చెయ్యి పెడితే కంప్రెసర్ వేడిగా ఉండి సన్నగా అదురుతోందా, లోపల మాత్రం చల్లదనం లేదా? అప్పుడు కంప్రెసర్ నడుస్తోంది, అనుమానం గ్యాస్ మీదికి వెళ్తుంది. అసలు కదలికే లేకపోతే బోర్డో, రిలేనో, కంప్రెసరో. ఇది రోగం తేల్చే పరీక్ష కాదు. ఎదుటివాడు రాసేది మనం చూసినదానితో పొసుగుతోందో లేదో తెలుసుకోడానికి అంతే. పిన్ని ఫ్రిజ్‌లో అదురు లేదు. వచ్చినతను మీటరుతో చూసి, బోర్డు బాగానే ఉంది, కంప్రెసర్ లోపలి తీగచుట్ట కాలిపోయిందని రాశాడు.

మరి కంప్రెసర్‌కి 2031 దాకా వారంటీ ఉన్నప్పుడు పదివేలెందుకు? ఆ ఎస్టిమేటు కాగితాన్ని వరస వరసగా చదివాం. కంప్రెసర్ 5,600. గ్యాస్ నింపడం, డ్రయ్యర్ కలిపి 1,900. లేబర్ 750. విజిటింగ్ ఛార్జీ 350. అన్నీ కలిపి 8,600, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,548. కంప్రెసర్‌కి డబ్బు ఎందుకు వేశావని పిన్ని అడిగితే "బిల్లు లేదు కదండీ" అన్నాడట. బిల్లు ఉంది. కాని దాని మీద అక్షరాలు లేవు. ఆ కొట్టులో చిన్న మిషను మీద వేడితో అచ్చు పడే నున్నటి కాగితం ఇచ్చారు. ఆ కాగితం మీద అచ్చు నాలుగు వేసవులు నిలవదు. మా చేతిలో ఉన్నది తెల్లకాగితం. కార్డు మీద కొట్టువాడి ముద్ర, తేదీ పడాల్సిన గడి కూడా ఖాళీగానే ఉంది. బిల్లు చూపించకపోతే వారంటీ చెల్లదని కార్డులో స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి ఆ మనిషి చేసినదాంట్లో మోసం లేదు.

కొట్టు ఇంకా ఉంది, అది మా అదృష్టం. బాబాయి ఫోన్ నంబరు చెబితే కంప్యూటర్లో వెతికి 2021 నాటి బిల్లు మళ్లీ ప్రింటు తీసి, ముద్ర వేసి ఇచ్చారు. అందులో సీరియల్ నంబరు కూడా ఉంది, అది ఫ్రిజ్ లోపలి స్టిక్కరుతో సరిపోయింది. దాన్ని ఫొటో తీసి కంపెనీకి పంపాక కొత్త ఎస్టిమేటు వచ్చింది. కంప్రెసర్ సున్నా. మిగిలినవి 3,000, జీఎస్టీ 540, మొత్తం 3,540.

"ఇదెందుకు మళ్లీ? ఫ్రీ అన్నారుగా?" అని పిన్ని మళ్లీ అడిగింది. ఇక్కడ సంగతి వస్తువుది కాదు, పనిది. కంప్రెసర్ మార్చాలంటే గ్యాస్ తిరిగే గొట్టాలను కోయాలి. కోస్తే లోపలున్న గ్యాస్ పోతుంది. అలా తెరిచినప్పుడల్లా తేమను పీల్చే డ్రయ్యర్ అనే చిన్న గొట్టాన్ని కొత్తది వెయ్యాలి. తర్వాత గొట్టాలు అతికి, లోపలి గాలినంతా పంపుతో లాగేసి, తూకం వేసి కొత్త గ్యాస్ ఎక్కించాలి. ఈ పనులన్నీ చెయ్యకుండా కంప్రెసర్ ఒక్కదాన్నీ బిగించడం కుదరదు. కాని కార్డులో మొదటి ఏడాది తర్వాత ఉచితమని చెప్పింది కంప్రెసర్ అనే వస్తువును మాత్రమే. గ్యాస్, లేబర్, రాకపోకల ఖర్చు యజమానివని దాని కింది వాక్యంలోనే ఉంది. ఈ షరతు కంపెనీ కంపెనీకీ మారుతుంది కాబట్టి మీ కార్డులో ఏముందో చూసి రాసుకోవాల్సిందే. నా దృష్టిలో కార్డు మొత్తంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉండేదీ అదే.

గ్యాస్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పి ముందుకు వెళ్తాను. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-600ఎ అనే గ్యాస్ వాడుతున్నారు. అది మంట అంటుకునే గ్యాస్. లోపల ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, అది తెలియనివాడు గొట్టాలకు మంట పెడితే ప్రమాదం. కంపెనీ మనిషి రావడానికి ముందు రోజు వీధి చివర మెకానిక్‌ను పిలుద్దామని బాబాయి అన్నాడట, పిన్ని ఆపింది. ఆపడం మంచిదయింది. వారంటీ మిగిలి ఉండగా బయటివాళ్లు గొట్టాలు విప్పితే ఆ తొమ్మిదేళ్ల హామీ కూడా పోతుందని కార్డులో ఉంది. వారంటీ అన్నీ అయిపోయిన ఫ్రిజ్‌కి బయటి మెకానిక్‌ను పిలవడంలో తప్పేం లేదు. కంప్రెసర్ గడువు నడుస్తున్నంత కాలం మాత్రం పిలవకూడదు.

వారంటీ కిందికి రానివేమిటో రాసిన భాగాన్ని ఇద్దరం ఒక్కొక్క వాక్యం ఆగి ఆగి చదివాం. అద్దం అరలు, ప్లాస్టిక్ డబ్బాలు, బల్బు, తలుపు రబ్బరు వంటివి మొదటి ఏడాదిలో కూడా రావని చాలా కార్డుల్లో ఉంటుంది. ఎలకలు వైర్లు కొరికితే రాదు. వోల్టేజీ ఎక్కువ తక్కువలతో కాలితే రాదు. స్టిక్కరు మీది సీరియల్ నంబరు చెరిగిపోతే రాదు. కాకినాడలాంటి సముద్రపు గాలి ఊళ్లలో వెనక రేకు తుప్పు పట్టడం మామూలు. తుప్పు కూడా రాదు. ఇంకొకటి చాలామందికి తట్టదు. కార్డులో ఇంటి వాడకానికి మాత్రమే అని ఉంటుంది. అదే ఫ్రిజ్‌ను టిఫిన్ సెంటర్లోనో కిరాణా కొట్టులోనో పెడితే వారంటీ ఉండదు, లేదా బాగా తగ్గిపోతుంది. పెళ్లిళ్లకు వంటలు చేసే మా ఎదురింటి ఆవిడకు ఈ వాక్యం చూపిస్తే నిర్ఘాంతపోయింది.

ఇక రెండో పుస్తకం. ఫ్రిజ్ ఎలా వాడాలో చెప్పే ఆ పుస్తకం చివర "సర్వీస్‌కి ఫోన్ చేసే ముందు" అన్న అర్థం వచ్చే ఒక పేజీ ఉంటుంది. మొత్తం పుస్తకంలో మనకు కావలసింది అదే పేజీ. ఎందుకంటే మనిషి వచ్చి చూసి లోపమేమీ లేదని తేలితే, వారంటీలో ఉన్నా విజిటింగ్ ఛార్జీ వెయ్యవచ్చని చాలా కార్డుల్లో రాస్తారు. పిన్ని గతంలో ఒకసారి అలా కట్టింది కూడా. ఫ్రిజ్ పక్క గోడలు కాలుతున్నాయని పిలిచిందట. ఈ తరహా ఫ్రిజ్‌లలో వేడిని బయటికి పంపే గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి కాబట్టి అవి వేడెక్కడం సహజం. అలాగే లోపల నీళ్లు గలగలమన్న చప్పుడు గ్యాస్ తిరిగే చప్పుడే. శ్రావణంలో గాలిలో తేమ ఎక్కువైతే తలుపు అంచున చెమట పట్టడమూ జబ్బు కాదు. కూరల డబ్బా కింద నీళ్లు నిలిస్తే చాలాసార్లు కారణం వెనకగోడలోని నీళ్లు పోయే రంధ్రం పూడుకుపోవడమే. తలుపు రబ్బరు బాగుందో లేదో చూడాలంటే ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. జారుతూ వచ్చేస్తే రబ్బరు వదులైంది, పట్టి ఉంటే బాగున్నట్టు.

ఇవన్నీ అయ్యాక మా కాగితం తయారైంది. పాత నోటుపుస్తకంలో ఒక పేజీ చింపి పిన్నే తన చేత్తో రాసింది:

ఫ్రిజ్ మోడల్, సీరియల్ నంబరు: (లోపలి స్టిక్కరు చూసి రాసినది)
కొన్నది: 18-5-2021. డూప్లికేట్ బిల్లు సంచిలో ఉంది, ఫొటో బాబాయి ఫోన్లో ఉంది.
మొత్తం వారంటీ: 17-5-2022తో అయిపోయింది.
కంప్రెసర్ మాత్రం: 17-5-2031 దాకా. వస్తువు ఫ్రీ. గ్యాస్, లేబర్, విజిటింగ్ మనవే.
బోర్డుకి విడిగా గడువు లేదు.
బయటి మెకానిక్ చేత గొట్టాలు విప్పించకూడదు.
ఫోన్ చేసే ముందు: ప్లగ్గు, వోల్టేజీ, కూలింగ్ నాబ్, తలుపు రబ్బరు, నీళ్ల రంధ్రం.
కంపెనీ నంబరు: (కార్డు మీద ఉన్నది)

ఆఖరి గడిలో "కార్డు మీద ఉన్నది" అని నేను పట్టుబట్టి రాయించాను. ఇంటర్నెట్‌లో కంపెనీ పేరు, కస్టమర్ కేర్ అని కొడితే పైన కనబడే నంబర్లలో దొంగ నంబర్లూ ఉంటాయి. వాళ్లు ముందు పది రూపాయలు పంపమంటారు, లేదా ఏదో యాప్ వేసుకోమంటారు, ఆ తర్వాత బ్యాంకు ఖాతా ఖాళీ. కార్డు మీదో, ఫ్రిజ్ మీదో, కంపెనీ సొంత వెబ్‌సైటులోనో ఉన్న నంబరు తప్ప మరొకటి నమ్మకూడదు.

ఫోన్ చేసినప్పుడు మోడల్, సీరియల్, బిల్లు తేదీ మనమే ముందు చెప్పాలి, కంప్లైంట్ నంబరు అడిగి రాసుకోవాలి. ఆ నంబరు లేకపోతే మనం ఫోన్ చేసినట్టే లెక్కలోకి రాదు. పని అయ్యాక ఫోన్‌కి ఒక ఓటీపీ వస్తుంది, మెకానిక్ అడుగుతాడు. అది చెప్పడమంటే పని పూర్తయిందని మనం సంతకం పెట్టినట్టే. "స్పేర్ రావాలండీ, ఓటీపీ చెప్తే రేపొస్తాను" అంటే చెప్పకూడదు. చెప్పగానే ఆ కంప్లైంట్ మూసుకుపోతుంది, రేపు మళ్లీ మొదటినుంచి కొత్త నంబరు. కంప్రెసర్ స్టాకు లేదని పిన్నిని పదకొండు రోజులు ఆపారు. ఓటీపీ చెప్పలేదు కాబట్టి అన్నిరోజులూ కంప్లైంట్ తెరిచే ఉంది.

ఒకవేళ వారంటీ స్పష్టంగా ఉండీ కంపెనీ కాదంటే? ముందు కంపెనీ పై అధికారికి ఈమెయిల్ పెట్టి, బిల్లు, కార్డు, జాబ్ షీట్ ఫొటోలు జతచెయ్యాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం చేస్తారు గాని తీర్పు చెప్పరు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఇచ్చిన మంచి వెసులుబాటు ఒకటుంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యవచ్చు. వివాదాలు ఫలానా నగరంలోని కోర్టుల్లోనే అని కార్డు చివర ఉండే వాక్యం చూసి బెదరక్కర్లేదు. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. e-jagriti.gov.in లో ఇంటి నుంచే దాఖలు చెయ్యవచ్చు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్ల లోపు వెయ్యాలి. అక్కడ మనల్ని గెలిపించేది తలుపు మీది స్టిక్కరు కాదు. బిల్లు, పోయిన భాగం పేరు రాసిన జాబ్ షీట్, కంప్లైంట్ నంబరు.

పిన్నికి అంతదూరం వెళ్లాల్సిన పని పడలేదు. పన్నెండో రోజు కొత్త కంప్రెసర్ వచ్చింది. 3,540 కట్టి రసీదు తీసుకుంది. సాయంత్రానికి ఫ్రీజర్‌లో ఐసు పట్టాకే ఓటీపీ చెప్పింది. రాత్రి నాకు ఫోన్ చేసి, "కొత్త కంప్రెసర్ వేశారు కదా, మళ్లీ పదేళ్లు మొదలా?" అని అడిగింది. కార్డు తీసి చూడమన్నాను. మార్చిన భాగానికి మిగిలిన గడువే తప్ప కొత్త గడువు రాదని ఏడో షరతులో ఉంది. చదివి వినిపించి, ఫోన్ పెట్టకుండానే అలమారా తలుపు లోపల అంటించిన కాగితం కింద ఇంకో వరస రాసింది: "కంప్రెసర్ మార్చింది జూన్ 2025. రసీదు సంచిలో. గడువు మారలేదు, 17-5-2031."